తిట్టు తగ్గకూడదు, పెరగకూడదు

ఒక ఇంగ్లిష్ కథలో ఓడరేవు సన్నివేశం ఒకటి ఉందనుకుందాం. ఇది ఉదాహరణ కోసం కల్పించుకున్నదే, ఏ పుస్తకంలోదీ కాదు. బరువులెత్తే వించ్ నడిపే కుర్రాడు టీకని వెళ్ళి ఆలస్యం చేస్తాడు. ఈలోపు తెలియనివాడెవడో వించ్ మీద చెయ్యి వేస్తాడు. బరువు జారి కింద పనిచేస్తున్న పెద్దాయన మీద పడుతుంది. కుర్రాడు తిరిగి రాగానే ఫోర్‌మన్ అరుస్తాడు: "వేర్ ద హెల్ హావ్ యూ బీన్? యూ బ్లడీ ఫూల్!" కుర్రాడు ఏమీ అనడు. గ్లవ్స్ తొడుక్కుని పనిలోకి పోతాడు. స్ట్రెచర్ మోస్తున్నవాళ్ళలో ఒకడు, దెబ్బతిన్న మనిషిని చూసి "పూర్ బాస్టర్డ్" అని గొణుగుతాడు. రాత్రి ఫోర్‌మన్ ఆ పెద్దాయన ఇంటికి వెళ్ళి భార్యతో "హీ డిడెంట్ మేక్ ఇట్" అంటాడు. మర్నాడు, అదే రేవులో పనిచేసే ఆ పెద్దాయన తమ్ముడు అందరి ముందూ ఫోర్‌మన్ మొహం మీద "యూ కిల్డ్ హిమ్, యూ బాస్టర్డ్" అంటాడు. చుట్టూ మాటలు ఆగిపోతాయి. ఫోర్‌మన్ చెయ్యి పైకి లేస్తుంది, కానీ కొట్టడు.

మొత్తం ఐదు మాటలు. మూడు తిట్లు, ఒక జాలిమాట, ఒక చావు కబురు. వీటిని తెలుగు చేసే మనిషి విశాఖపట్నంలో ఉంటే ఒక సదుపాయం ఉంది. 1933లో మొదలైన పోర్టు, దాని దగ్గర్లో షిప్‌యార్డు, ఇటు ఫిషింగ్ హార్బరు, పూర్ణా మార్కెట్. కళాసీలు, మేస్త్రీలు, లారీ డ్రైవర్లు, చేపల బుట్టలు దించే ఆడవాళ్ళు రోజంతా మాట్లాడుకునే ఊరు ఇది. తిట్టు పుట్టే చోటుకి నడిచి వెళ్ళి వినొచ్చు. అయినా ఇలాంటి సన్నివేశాల అనువాదాలు రెండు వైపులా తప్పుతుంటాయి. కొన్నిట్లో ఫోర్‌మన్ "ఇంతవరకూ ఎక్కడున్నావు, మూర్ఖుడా?" అని పౌరాణిక నాటకంలో రాజులా మాట్లాడతాడు. ఇంకొన్నిట్లో మొదటి వాక్యంలోనే అవతలివాడి తల్లిని లాగుతాడు. మొదటిదాంట్లో రేవు మాయమైంది. రెండోదాంట్లో కుర్రాడు తిరగబడకుండా గ్లవ్స్ ఎందుకు తొడుక్కున్నాడో అర్థం కాదు.

ఆ గ్లవ్స్ దగ్గరే అసలు ఆధారం ఉంది. తిట్టు ఎంత గట్టిదో డిక్షనరీ చెప్పదు, పడ్డవాడు ఏం చేశాడన్నది చెబుతుంది. నవ్వాడా, తల దించుకున్నాడా, మాటకి మాట అన్నాడా, చెయ్యెత్తాడా? అనువాదకుడు ముందు ఆ స్పందనని చదివి, అక్కడి నుంచి వెనక్కి వచ్చి, ఏ తెలుగు మాట అంటే ఒక తెలుగు మనిషి సరిగ్గా అదే పని చేస్తాడో వెతకాలి. మన కుర్రాడు మౌనంగా పనిలోకి పోయాడు. అంటే ఫోర్‌మన్ మాట కోపంతో అన్నదే గానీ ఆ రేవులో రోజూ వినపడే రకం. మర్నాడు తమ్ముడు అన్న మాటకి అందరూ నిశ్శబ్దమయ్యారు. అది రోజూ వినపడేది కాదు. ఈ రెండు హద్దులు ముందే గీసుకుంటే, మిగతా పని వాటి మధ్యలో జరుగుతుంది.

మొదటి మాట చూద్దాం. "వేర్ ద హెల్"లో నరకం ఉంది కదా అని తెలుగులో నరకం పెడితే ఎవరికీ ఏమీ అనిపించదు. ఇంగ్లిష్ తిట్లలో పాత పొర ఒకటి మతం నుంచి వచ్చింది. నరకం, శాపం, దేవుడి పేరు వృథాగా వాడటం ఒకప్పుడు అక్కడ పాపం, అందుకే అవి తిట్లయ్యాయి. తెలుగులో దేవుడి పేరు కోపంలో వచ్చినా అది మొర అవుతుంది గానీ బూతు కాదు. మన దగ్గర ఆ పని చేసేది చావు. "ఎక్కడ చచ్చావురా ఇంతసేపూ?" అంటే ఎవరూ శవాన్ని ఊహించుకోరు. ఆలస్యానికి కోపం అంతే.

ఇక్కడ తెలుగుకి ఇంగ్లిష్‌లో లేని వెసులుబాటు ఒకటుంది. ఇంగ్లిష్‌లో కోపం ఎక్కువగా విశేషణంగా వస్తుంది. బ్లడీ వించ్, బ్లడీ టీ, బ్లడీ వాన. తెలుగులో ఆ స్థానంలో ఏ మాట పెట్టినా అతికించినట్టే ఉంటుంది, ఎందుకంటే మన కోపం క్రియలోకి దిగుతుంది. "చెప్పి చావు." "వచ్చి ఏడువు." "తిని తగలడు." "ఎవడికిచ్చి ఏడ్చావు?" చావు, ఏడుపు, తగలడటం, ఇంకాస్త మోటుగా అయితే దొబ్బడం. ఇవి అసలు క్రియ పక్కన చేరి దాని అర్థాన్ని మార్చకుండా చిరాకుని మాత్రం చేరుస్తాయి. "చెప్పు" అన్నదానికీ "చెప్పి చావు" అన్నదానికీ సమాచారంలో తేడా లేదు, ఉన్నదంతా మనిషి మూడ్‌లోనే. ఇంగ్లిష్ విశేషణాన్ని తీసేసి తెలుగు క్రియకి రంగు మారిస్తే సగం సమస్యలు తీరతాయి. ఒక పాత్ర ప్రతి వాక్యంలోనూ అదే ఇంగ్లిష్ బూతు వాడుతుంటే చాలామంది విసిగిపోయి అన్నీ కొట్టేస్తారు. ఆ పాత్ర ఒక్కసారిగా మర్యాదస్థుడైపోతాడు. ప్రతిదానికీ ఒక తెలుగు బూతు పెడితే పేజీ భరించలేం. క్రియల్లోకి పంచితే అతని నోరు అతనికి ఉంటుంది, పాఠకుడికీ ఊపిరి ఆడుతుంది.

అయితే మన సన్నివేశంలో "ఎక్కడ చచ్చావురా" పెట్టడానికి ఒక అడ్డు ఉంది. అదే పూట నిజంగా ఒక మనిషి పోతున్నాడు. ఇంగ్లిష్ వాక్యంలో చావు ప్రస్తావన లేదు. తెలుగులో పెడితే పాఠకుడు పక్క పేజీకి వెళ్ళాక ఆ మాట వెనక్కి తిరిగి మోగుతుంది. రచయిత పెట్టని ముందుసూచన ఒకటి పుట్టుకొస్తుంది. అలాంటప్పుడు "ఎక్కడ తగలడ్డావురా ఇంతసేపూ?" నయం. కోపం అంతే ఉంది, చావు లేదు. తగలడటం వెనకా మంట ఉందన్నది నిజమే, కానీ వాడుకలో అది అరిగిపోయింది, ఎవరి చెవికీ తగలదు. కథలో ముందూ వెనకా ఏముందో చూడకుండా వాక్యాన్ని ఒంటరిగా అనువదించేవాళ్ళకి ఈ తేడా దొరకదు.

"బ్లడీ ఫూల్" దగ్గర తెలుగు మనిషి సాధారణంగా పేరు పెట్టి తిట్టడు, ప్రశ్న వేస్తాడు. "బుద్ధుందా నీకు?" "అన్నం తింటున్నావా, గడ్డి తింటున్నావా?" "కళ్ళు నెత్తికెక్కాయా?" జవాబు అక్కర్లేని ఈ ప్రశ్నలు పనిచోట తిట్లకి అసలైన రూపం. నామవాచకాన్ని నామవాచకంగానే మార్చాలన్న పట్టుదల వల్లే "మూర్ఖుడా", "అవివేకీ", "దుర్మార్గుడా" లాంటివి వస్తుంటాయి. ఇవి అచ్చులో బతికే మాటలు. కోపంలో ఉన్న మేస్త్రీ నోటికి రావు. "బుద్ధుందా వెధవా నీకు?" అంటే కుర్రాడు తల దించుకుంటాడు. సరిగ్గా కథలో చేసిందీ అదే.

ఇప్పుడు ఆ చిన్న "రా" సంగతి. మొత్తం విషయంలో ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి. ఇంగ్లిష్‌లో ఎవరినైనా "యూ" అనే అంటారు. మర్యాద తగ్గించాలంటే బయటి నుంచి ఒక చెడ్డమాట తెచ్చుకోవాలి. తెలుగులో మాట తేనక్కర్లేదు. మీరు నుంచి నువ్వు, నువ్వు నుంచి రా. ఆయన నుంచి అతను, అతను నుంచి వాడు. ఆడవాళ్ళ విషయంలో ఆవిడ నుంచి ఆమె, ఆమె నుంచి అది. ఒక్కో మెట్టు దిగడమే ఒక్కో తిట్టు. బ్యాంకు కౌంటర్ దగ్గర అంతసేపూ "మీరు" అన్న మనిషి "నువ్వేం చేస్తున్నావయ్యా?" అన్నాడంటే గొడవ మొదలైనట్టే. ఒక్క చెడ్డమాటా దొర్లలేదు, అయినా లైనులో ఉన్నవాళ్ళు తలలు తిప్పి చూస్తారు.

కాబట్టి ఇంగ్లిష్ బూతుకి సమానమైన తెలుగు బూతు పెట్టి, దానికి తోడు మెట్టు కూడా దింపితే లెక్క రెండుసార్లు పడుతుంది. అనువాదాల్లో తిట్లు అసలుకన్నా ఘోరంగా వినపడటానికి పెద్ద కారణం ఇదే. తీవ్రమైన పదం ఎంచుకోవడం వల్ల జరిగే నష్టం దీని తర్వాతే. దీనికి వ్యతిరేకం కూడా ఉంది. పదం గట్టిదే పెట్టి "మీరు" అలాగే ఉంచితే ఆ వాక్యం తేలిపోతుంది. "మీరు వట్టి వెధవలండి" అంటే కోపం పోయి వెటకారం మిగులుతుంది. వెటకారమే కావాలంటే మంచిదే, కాకపోతే తప్పే.

ఫోర్‌మన్, కుర్రాడి మధ్య "రా"కి అసలు బరువే లేదు. వయసులో పెద్ద, పనిలో పై మనిషి, మామూలు రోజుల్లో కూడా "ఒరే ఇలా రా" అనే పిలుస్తాడు. అందుకే అక్కడ "తగలడ్డావురా", "వెధవా" రెండూ పెట్టినా దాటిపోదు. తమ్ముడు ఫోర్‌మన్‌ని "రా" అనడం వేరే సంగతి. దానికి తర్వాత వద్దాం.

"పూర్ బాస్టర్డ్" తేలిక. "పాపం వెధవ" అని చాలామంది పెట్టేస్తారు. దెబ్బతిన్నవాడు వయసులో పెద్దవాడు, మాట అన్నవాడు అతనితో కలిసి పనిచేసేవాడు. "పాపం, ముసలోడు..." అని ఆపేస్తే చాలు. "ముసలోడు"లో ఆ మోటుతనం, ఆ దగ్గరితనం రెండూ ఉన్నాయి. "పాపం, ఆ వృద్ధుడు" అంటే మోటుతనం పోతుంది. అప్పుడు ఆ నోరు రేవులో పనిచేసే నోరు కాదు. "వెధవ" అన్న మాటకి తెలుగులో చాలా విస్తారమైన పరిధి ఉంది. మనవడి బుగ్గ గిల్లుతూ అమ్మమ్మ అనగలదు, స్నేహితుడు స్నేహితుణ్ణి అనగలడు, ఆఫీసులో అంటే మెమో వరకూ పోవచ్చు. ఆ మాట విధవ నుంచి వచ్చిందన్నది చాలామంది ఒప్పుకునే సంగతి. వాడేవాళ్ళకి మాత్రం ఆ జ్ఞాపకం లేదు. "ముండ" అలా కాదు. దాని వెనక తల గొరిగించిన వితంతువు ఇంకా కనపడుతూనే ఉంది, ఆడవాళ్ళని అన్నప్పుడు ఇప్పటికీ గాయం చేస్తుంది. ఇంగ్లిష్‌లో ఆడమనిషిని అన్న ఏదో ఒక మామూలు చిరాకుమాటకి "ముండ" పెట్టడం ఎక్కువ చెయ్యడమే.

ఇంకో చిక్కు అరువు తిట్లతో వస్తుంది. విశాఖలో పోర్టు, రైల్వే, నేవీ, స్టీల్ ప్లాంటు ఉన్నందువల్ల ఫూల్, ఇడియట్, రాస్కెల్, యూజ్‌లెస్ ఫెలో, సాలే లాంటివి మాటల్లో కలిసిపోయాయి. ఇంగ్లిష్‌లో ఉన్నదాన్ని తెలుగు లిపిలో పెడితే న్యాయం జరిగినట్టే అనుకోవడం సులువు. కానీ మాట రేవు దాటి వచ్చాక బరువు మారుతుంది. "రాస్కెల్" ఈనాటి ఇంగ్లిష్‌లో దాదాపు ముద్దుమాట, అల్లరి పిల్లవాణ్ణి అంటారు. తెలుగులో పై ఆఫీసరు "రాస్కెల్" అంటే అది పరువు సమస్య. "ఇడియట్" వ్యతిరేకంగా నడిచింది, తెలుగులో ప్రేమికులు సరదాగా అనుకుంటారు. "ఎక్స్‌పైర్ అయ్యారు" అన్నది మన ఆఫీసుల్లో, ఆస్పత్రుల్లో మర్యాదగా చావు చెప్పే పద్ధతి, వేరే దేశాల్లో దాన్ని ఎక్కువగా మందులకీ పాసులకీ వాడతారు. కాబట్టి లిపి మార్చడం కూడా అనువాదమే, దానికీ అదే పరీక్ష పెట్టాలి. విన్నవాడు ఏం చేస్తాడు?

రాత్రి వెళ్ళి భార్యతో చెప్పిన మాట కష్టమైనది. ఇక్కడ తిట్టు లేదు, దాని ఎదురువైపు ఉంది. "హీ డిడెంట్ మేక్ ఇట్" అన్నప్పుడు ఫోర్‌మన్ చావు అన్న మాటని నోటితో అనలేకపోతున్నాడు. అలా అని దాస్తున్నాడా అంటే అదీ లేదు, ఆవిడకి అర్థమైపోయింది. అనకుండా చెప్పడమే ఆ వాక్యం చేసే పని. "చనిపోయాడు" పెడితే ఫోర్‌మన్ దాటలేని గీతని అనువాదకుడు దాటేసినట్టు. "పరమపదించారు", "స్వర్గస్థులయ్యారు" పెడితే రేవు ఫోర్‌మన్ పేపర్లో సంతాప ప్రకటన చదువుతున్నట్టు ఉంటుంది. "కాలం చేశారు" పెద్దల గురించి, కొంత దూరం నుంచి చెప్పే మాట. "పోయాడమ్మా" చాలా దగ్గరగా వస్తుంది, చాలా కథల్లో అదే సరిపోతుంది. కానీ ఈ ఇంగ్లిష్ వాక్యంలో ఇంకొకటి ఉంది. అతను బతకడానికి ప్రయత్నించాడు, ఆస్పత్రిలో అందరూ ప్రయత్నించారు, అయినా అవలేదు. ఆ పెనుగులాట "పోయాడు"లో లేదు. తెలుగులో అది ఉన్న మాట "దక్కలేదు". "మనిషి దక్కలేదమ్మా." చావు పేరు లేదు, ప్రయత్నం ఉంది, చెప్పేవాడి తప్పూ కొంచెం తొంగి చూస్తోంది. మామూలు మనుషులు మామూలుగా అనే మాటే.

పైగా ఆ "అమ్మా" ఇంగ్లిష్‌లో లేదు, తెలుగులో ఉండి తీరాలి. పొద్దున్న కుర్రాడి మీద "రా" అన్న నోరే రాత్రికి "అమ్మా" అంటోంది. ఇంగ్లిష్ పాఠకుడికి ఫోర్‌మన్‌లో వచ్చిన మార్పు బూతు మాయమవడం వల్ల తెలిసింది. తెలుగు పాఠకుడికి పిలుపు వల్ల తెలుస్తుంది.

నాజూకు మాటల విషయంలో తరచూ జరిగే పొరపాటు, అవన్నీ ఒకే రకం అనుకోవడం. బియ్యం అయిపోయాయి అనకుండా "నిండుకున్నాయి" అంటాం, దీపం ఆరింది అనకుండా "కొండెక్కింది" అంటాం. ఇవి ఎప్పుడో అశుభానికి భయపడి పుట్టినవే, ఇప్పుడు అనేవాళ్ళలో చాలామందికి అలవాటు మాత్రమే. వీటిని వేరే భాషలోకి తీసుకెళ్ళేటప్పుడు మామూలు మాట పెట్టినా పెద్ద నష్టం లేదు. చీకటిపడ్డాక పాము అనకుండా "పురుగు" అనే ముసలావిడ సంగతి అలా కాదు. ఆవిడ నిజంగా పేరు ఎత్తడానికి భయపడుతోంది. "పురుగు ముట్టింది" అన్నదాన్ని "పాము కరిచింది" అని తేటగా మార్చేస్తే విషయం అందుతుంది, ఆవిడ భయం పోతుంది. అందుకే ఒకటే అడగాలి: అనే మనిషికి తను దేన్నో తప్పిస్తున్నానన్న ఎరుక ఉందా, లేదా? ఉంటే ఆ తప్పింపు కూడా వాక్యంలోకి రావాలి.

తప్పింపు ఎప్పుడూ దయతోనే ఉంటుందనీ లేదు. ఉద్యోగం తీసేస్తూ యజమాని ఇంగ్లిష్‌లో "వీ హావ్ టు లెట్ యూ గో" అంటాడు, ఏదో కట్టు విప్పి వదిలిపెడుతున్నట్టు. "మిమ్మల్ని ఉద్యోగంలోంచి తొలగిస్తున్నాం" అని తెలుగు చేస్తే యజమాని నిజాయితీపరుడైపోయాడు. "రేపటి నుంచి మీరు రానక్కర్లేదు" అంటే అతని చల్లని తప్పించుకోవడం అలాగే ఉంటుంది. ఆ మెత్తదనం పాత్ర చేసిన పని, దాన్ని విప్పి చూపించే హక్కు అనువాదకుడికి లేదు. అలాగే, మనిషి పోయాడని తెలిసి కూడా కేజీహెచ్ ఆస్పత్రి బయట నిలబడి ఇంటికి ఫోన్ చేసి "సీరియస్‌గా ఉంది, వెంటనే బయల్దేరండి" అనేవాళ్ళున్నారు. తెలుగు కథ ఇంగ్లిష్‌లోకి వెళ్ళేటప్పుడు ఈ వాక్యానికి వివరణ తగిలించాలనిపిస్తుంది. తగిలించకూడదు. అటు ఫోన్ ఎత్తిన మనిషి ఎలా కూలబడిందో తర్వాతి వాక్యంలో ఉంటుంది కదా, పాఠకుడు అక్కడ అర్థం చేసుకుంటాడు.

పూర్తి బూతుకీ నాజూకు మాటకీ మధ్యలో సగంలో నాలుక కరుచుకున్న తిట్లు కొన్ని ఉన్నాయి. ఇంగ్లిష్‌లో "హెల్" అనబోయి "హెక్" అంటారు, "డామ్" అనబోయి "డార్న్" అంటారు. కోస్తాలో "నీయమ్మ" అనబోయి "నీ యెంకమ్మ" అంటారు. మెచ్చుకోలుకి కూడా వాడే "తస్సాదియ్యా" ఇలాంటిదే. సగం తిట్టుకి సగం తిట్టే పెట్టాలి. పిల్లల ముందు నోరు అదుపులో పెట్టుకునే తండ్రి "హెక్" అంటే, తెలుగులో అతని చేత పూర్తి మాట అనిపించడం అతని పెంపకాన్ని తీసేయడమే.

ఇక మర్నాటి మాట. "యూ కిల్డ్ హిమ్, యూ బాస్టర్డ్." నిన్న జాలిగా వచ్చిన మాటే ఇవాళ కత్తిలా వచ్చింది. ఇంగ్లిష్‌లో ఒకే మాట రెండుసార్లు మోగడం రచయిత పని. తెలుగులో ఒకే మాటతో ఈ రెండూ చెయ్యడం కుదరదు, "ముసలోడు" తిట్టు కాలేదు. ఆ ప్రతిధ్వని పోతుందని ఒప్పుకోవాలి. దాన్ని కాపాడటానికి రెండు చోట్లా "వెధవ" పెడితే మొదటిచోట ఎక్కువై రెండోచోట తక్కువై రెండూ పాడవుతాయి.

ఎంత గట్టిది పెట్టాలి? "దుర్మార్గుడా" అంటే ఎవరూ నిశ్శబ్దమవరు. డిక్షనరీ దారిలో పోతే పుట్టుక మీద పడే తిట్టు, అంటే "లంజకొడకా" వస్తుంది. తెలుగులో అది తల్లిని రంగంలోకి లాగుతుంది, ఫోర్‌మన్ చెయ్యి లేచి ఆగదు, పడుతుంది. కథలో చెయ్యి ఆగింది. ఎందుకంటే ఇంగ్లిష్ మాటలో ఫోర్‌మన్ తల్లి దాదాపు లేదు. పుట్టుక అర్థం అరిగిపోయి అక్కడ అసహ్యం మాత్రమే మిగిలింది. పైగా తమ్ముడికి నిజం చెప్పే హక్కుందని ఫోర్‌మన్‌కి తెలుసు.

ఇక్కడే మెట్ల లెక్క పనికొస్తుంది. తమ్ముడు ఫోర్‌మన్ కింద పనిచేసేవాడు. తెలుగులో అతను నిన్నటిదాకా "మీరు", "సార్" అనే ఉంటాడు. అలాంటివాడు అందరి ముందూ "రా" అన్నాడంటే సగం దెబ్బ అక్కడే పడిపోయింది. "చంపేశావు కదరా మా అన్నని, నాకొడకా!" చాలు. "నాకొడకా" గట్టి తిట్టే, పైమెట్టుది కాదు. దాని పైన "రా" చేరి సరిగ్గా చెయ్యి లేచేంత అయింది. అన్నట్టు, "నాకొడకా" అన్నది కలిపే రాయాలి. "నా కొడకా" అని విడదీస్తే తల్లి ప్రేమగా పిలిచినట్టు కూడా చదవొచ్చు. నోటితో అయితే స్వరం చెబుతుంది, అచ్చులో ఆ ఖాళీయే చెబుతుంది.

దీనికి ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది, చాలామంది మర్చిపోయేదీ ఇదే. మర్యాద పడిపోవడం పాఠకుడికి తగలాలంటే ముందు మర్యాద కనపడి ఉండాలి. కథ మొదట్లో తమ్ముడు ఫోర్‌మన్‌తో మాట్లాడిన ఒకటి రెండు మామూలు వాక్యాల్లో, ఇంగ్లిష్‌లో ఏ గుర్తూ లేకపోయినా, "మీరు", "అండి" తప్పకుండా పెట్టాలి. చివరి తిట్టు బలం అక్కడ నాటినదాని మీద ఆధారపడుతుంది. ఆ చిన్న వాక్యాలు అజాగ్రత్తగా "నువ్వు"తో పోతే, చివర్లో ఎంత పెద్ద బూతు పెట్టినా లోటు పూడదు.

ప్రాంతం సంగతి కూడా చూడాలి. విశాఖ రేవు మాట చెవిలో ఉన్న అనువాదకుడికి "ఎక్కడికెల్లిపోనావురా, ఏటైపోనావురా" అని రాయాలనిపిస్తుంది. ప్రాణం ఉన్న భాష అది. కానీ ఉత్తరాంధ్ర యాసని తెలుగు సినిమా చాలాకాలం నవ్వించే పాత్రలకి పెట్టింది. గుంటూరులోనో వరంగల్‌లోనో చదివే మనిషికి ఆ యాస వినగానే పెదవి కదులుతుంది, కోపం సగం నవ్వులో పోతుంది. ఇది యాస తప్పు కాదు, దానికి జరిగిన అన్యాయం. ఇక్కడి మనిషి కథ ఇక్కడి మాటలో రాసుకున్నప్పుడు దాన్ని మార్చనక్కర్లేదు. పరాయి దేశపు ఫోర్‌మన్ నోట్లో పెట్టేటప్పుడు మాత్రం యాస స్పెల్లింగు వదిలేసి, ఇక్కడ విన్న వాక్యపు విరుపు, ఆ ప్రశ్నలు, ఆ క్రియలు తీసుకోవడం మంచిది.

అంతకన్నా జాగ్రత్త పడాల్సింది తిట్టు ఎవరికి తగులుతోందన్న దగ్గర. మన రోజువారీ తిట్లలో కులం పేర్లు, అంగవైకల్యం, వితంతువులు నిండి ఉన్నారు. ఇంగ్లిష్‌లో వట్టి "స్కౌండ్రల్" ఉన్నచోట అలవాటుగా "చండాలుడా" అని పెడితే, కథలో లేని కులం వచ్చి కూర్చుంది. తీవ్రత సమానంగానే ఉందని వాదించొచ్చు. గాయపడే మనుషులు మారిపోయారు, కాబట్టి అది సమానం కాదు. తిరగేసి చూస్తే, తెలుగు కథలో ఒక పాత్ర మరొకర్ని కులం పేరుతో తిట్టినప్పుడు దాన్ని ఇంగ్లిష్‌లో ఏదో మామూలు తిట్టుగా మార్చడం ఇంకా పెద్ద తప్పు. ఆ సన్నివేశం దేని గురించో అదే పోయింది.

ఈ మెత్తబరచడం కథల్లోనే కాదు, కాగితాల్లో కూడా నష్టం చేస్తుంది. ఫిర్యాదుల్లో "అసభ్య పదజాలంతో దూషించాడు" అన్న వాక్యం అచ్చు వేసినట్టు ఉంటుంది. బహిరంగ స్థలంలో బూతుమాటల నేరం ఒకప్పుడు ఐపీసీ 294లో ఉండేది, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 296లో ఉంది. ఏ మాట అన్నాడో రాయకుండా "బూతులు తిట్టాడు" అని మాత్రమే ఉంటే ఆ నేరం రుజువు కాదని పలు హైకోర్టులు చెప్పాయి. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద, నలుగురికీ వినపడేలా కులం పేరుతో తిట్టడం నేరం. అక్కడ కేసంతా ఆ మాట మీదే నిలబడుతుంది. తెలుగులో చెప్పిన వాంగ్మూలాన్ని ఇంగ్లిష్ చేసేవాడు సిగ్గుపడి సారాంశం రాస్తే బాధితుడి చేతిలో ఏమీ మిగలదు. ఆ మాటని ఉన్నదున్నట్టు తెలుగు ఉచ్చారణతో రాసి, పక్కన అర్థం ఇవ్వడమే సరైన పద్ధతి.

కథ విషయంలో పక్కన అర్థం ఇచ్చే వీలుండదు కాబట్టి చెవే దిక్కు. తిట్లున్న పేజీని కళ్ళతో సరిచూడటం పనికిరాదు, పైకి చదవాలి. వీలైతే ఇద్దరు చదవాలి, ఒకరు ఫోర్‌మన్, ఒకరు తమ్ముడు. చదివే గొంతు ఎక్కడైనా నటనలోకి వెళ్ళిందంటే అక్కడ మాట పుస్తకాలది. ఎక్కడైనా గొంతు తగ్గి మాట మింగినట్టయితే ఆ తిట్టు బహుశా ఒక మెట్టు పైన ఉంది. అలా కాకుండా చదివేవాడికే అది పైకి అనడానికి సిగ్గుగా ఉండొచ్చు. రెండోది అయితే మాట మార్చకూడదు, ఇంకొకరి చేత చదివించాలి.

అలా చదివి చూసుకున్నాక ఆ ఐదు మాటలు ఇలా తేలతాయి. పొద్దున్న ఫోర్‌మన్: "ఎక్కడ తగలడ్డావురా ఇంతసేపూ? బుద్ధుందా వెధవా నీకు?" స్ట్రెచర్ దగ్గర: "పాపం, ముసలోడు..." రాత్రి గుమ్మంలో: "మనిషి దక్కలేదమ్మా." మర్నాడు తమ్ముడు: "చంపేశావు కదరా మా అన్నని, నాకొడకా!" కథలో ఫోర్‌మన్ వయసు ఇంకాస్త ఎక్కువగా ఉండి, తమ్ముడు అతన్ని ఎప్పుడూ "బాబాయ్" అని పిలిచేవాడైతే ఈ చివరి వాక్యంలో "నాకొడకా" కూడా తీసేయాల్సి వస్తుంది. బాబాయ్ అన్న నోటితో "చంపేశావు కదరా" అంటే అంతకన్నా గట్టి మాట అక్కర్లేదు.